పారాబెన్ లేదు సరే, మరి ఏముంది?

మా వదిన వాళ్ల స్నానాల గదిలో, కిటికీ గట్టు మీద ఒక గాజు సీసా ఉండేది. పెరట్లో కోసిన కలబంద గుజ్జు, రోజ్ వాటర్, రెండు విటమిన్ ఇ క్యాప్సూల్స్ కలిపి మిక్సీ పట్టి అందులో పోసుకునేది. రోజూ తను ముఖానికి రాసుకునేది, మూడేళ్ల పిల్లకీ రాసేది. "కంపెనీ క్రీముల్లో పారాబెన్లు ఉంటాయట, క్యాన్సర్ వస్తుందట. ఇందులో ఏ మందూ లేదు, నేనే చేశాను," అంది నాతో. అప్పటికి ఆ సీసా వయసు ఆరు రోజులు. చూడ్డానికి బాగానే ఉంది. వాసన కూడా రాలేదు.

నేను అప్పట్లో జీడిమెట్లలో క్రీములు, షాంపూలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో మైక్రోబయాలజీ చూసేదాన్ని. శుభ్రమైన చిన్న సీసాలో ఆ గుజ్జు కొంచెం తీసుకెళ్లాను. ఒక గ్రాము గుజ్జును 9 మిల్లీలీటర్ల ద్రవంలో కలిపి, దాన్ని మళ్లీ పదింతలు, మళ్లీ పదింతలు పలచన చేసి, ప్లేట్లలో పోసి, రెండు రోజులు వెచ్చగా ఉంచాను. వెయ్యింతలు పలచన చేసిన ప్లేటు కూడా చుక్కలతో నిండిపోయి, లెక్కపెట్టడానికి వీల్లేకుండా ఉంది. అంటే గ్రాముకు లక్షల్లో బ్యాక్టీరియా. ఇంకో ప్లేటు మీద పచ్చటి రంగు తేలింది, మూత తీస్తే ద్రాక్షపళ్ల లాంటి వాసన. ఆ రంగు, ఆ వాసన చూస్తే మా పనిలో ఉన్నవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. అది సూడోమోనాస్. కోసుకున్న చోటికో, కంట్లోకో చేరితే చాలా ప్రమాదకరమైన బ్యాక్టీరియా.

పోలిక కోసం ఒక్క అంకె చెప్తాను. సౌందర్య సాధనాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు క్రీములో గ్రాముకు 1,000కి మించి సూక్ష్మజీవులు ఉండకూడదు. మూడేళ్లలోపు పిల్లలకు, కళ్ల చుట్టూ రాసుకునేవాటికి అయితే 100 దాటకూడదు. సూడోమోనాస్ లాంటివైతే గ్రాములో ఒక్కటి కూడా కనపడకూడదు.

వదిన చేతి శుభ్రతలో లోపం లేదు. లోపమంతా నీళ్లది. కలబంద గుజ్జులో ఉన్నది దాదాపు అంతా నీరే, దానికి తోడు కొంచెం చక్కెర పదార్థం. బ్యాక్టీరియాకు అంతకన్నా మంచి భోజనం ఉండదు. విటమిన్ ఇ నూనె కనరు వాసన రాకుండా ఆపుతుంది కానీ, బ్యాక్టీరియాని ఏమీ చేయదు. ఇంట్లో క్రీములు చేసుకునేవాళ్లలో సగం మంది ఇక్కడే పొరబడతారు.

ఈ సంగతి మన వంటింటికి ఎప్పటినుంచో తెలుసు. ఆవకాయ ఏడాది నిలవ ఉంటుంది. అందులో ఉప్పు నీటిని పట్టేసుకుంటుంది, మామిడికాయ పులుపు కలుస్తుంది, పైన నూనె తేలి గాలిని అడ్డుకుంటుంది. తడి గరిటె పెట్టారా, ఆ పడిన చోట బూజు మొదలు. సున్నిపిండి నెలలు ఉంటుంది, పొడి కాబట్టి. కుంకుడుకాయ రసం మాత్రం ఎవరూ దాచుకోలేదు. పొద్దున నానబెట్టి, పిసికి, తలంటుకుని, మిగిలింది పారబోసేవాళ్లు. మర్నాటికి అది వాసన కొడుతుందని అందరికీ తెలుసు. పెద్దవాళ్లు ప్రిజర్వేటివ్ లేకుండా బతికారంటే, నీళ్లున్నదాన్ని నిలవ చేయలేదు కాబట్టి.

దుకాణంలో కొనే లోషన్ సంగతి వేరు. అందులో ముప్పాతిక వంతు వరకు నీళ్లే ఉండొచ్చు. ఫ్యాక్టరీలో తయారై, లారీలో ఎండకి ఎండి, షాపులో నెలల తరబడి కూర్చుని, మన ఇంటికొచ్చాక రోజుకు రెండుసార్లు మూత తెరుచుకుని, వేళ్లు ముంచుకుని, ఏడాది పాటు బాగుండాలి. అన్నాళ్లు ఆ నీళ్లకు కాపలా కాయడానికే ప్రిజర్వేటివ్ వేస్తారు.

కాపలా సరిగ్గా లేకపోతే ఏమవుతుందో ఆసుపత్రుల వాళ్లకి బాగా తెలుసు. 2006 ఆగస్టులో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక ఐసీయూలో 18 రోజుల్లో అయిదుగురు రోగులకు బర్ఖోల్డేరియా సెపాషియా అనే బ్యాక్టీరియా సోకింది. ముగ్గురికి ఏకంగా రక్తంలో. ఎక్కడినుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే, రోగుల ఒంటికి రాసే మాయిశ్చరైజర్ దగ్గర ఆగారు. సీలు విప్పని సీసాల్లో కూడా అదే బ్యాక్టీరియా ఉంది. 1970ల్లో అమెరికాలో మస్కారా వాడినవాళ్లలో కొందరికి కనుగుడ్డు మీద పుండ్లు పడ్డాయి. బ్రష్ తగిలి చిన్న గీత పడితే చాలు, సీసాలో పెరిగిన సూడోమోనాస్ కంట్లోకి చేరింది.

అందుకే ఒక క్రీము మార్కెట్లోకి పోయేముందు మేము దానికి పెట్టే పరీక్షలో దాన్ని కావాలనే పాడుచేయడానికి చూస్తాం. దాన్నే చాలెంజ్ టెస్ట్ అంటారు. మూడు రకాల బ్యాక్టీరియా, ఒక ఈస్ట్, ఒక బూజు, ఈ అయిదింటినీ విడివిడిగా క్రీములో కలుపుతాం. బ్యాక్టీరియా అయితే గ్రాముకు లక్ష నుంచి పది లక్షల దాకా. తర్వాత 7వ రోజు, 14వ రోజు, 28వ రోజు తీసి లెక్కపెడతాం. పది లక్షలు వేస్తే ఏడో రోజుకి వెయ్యికి పడిపోవాలి, ఆ తర్వాత మళ్లీ పెరగకూడదు. కొన్ని క్రీములు ఏడో రోజు చక్కగా పాసై, 28వ రోజు ఫెయిలవుతాయి. బతికి బయటపడ్డ నాలుగు కణాలు మెల్లగా అలవాటుపడి మళ్లీ పెరుగుతాయన్నమాట. ఆ 28వ రోజు ప్లేటు తెరిచి చూసిన ప్రతిసారీ, "ఏ ప్రిజర్వేటివూ లేదు" అని గర్వంగా రాసుకునే ప్రకటనలు నాకు గుర్తొస్తాయి.

ఇక పారాబెన్ల కథ. ఇవి 1920ల నుంచి వాడుకలో ఉన్నాయి. మిథైల్, ఇథైల్, ప్రొపైల్, బ్యూటైల్ అని ఒకే కుటుంబంలో నలుగురు. చాలా కొద్ది మోతాదులో పనిచేస్తాయి, ముఖ్యంగా బూజు, ఈస్ట్ మీద. పిల్లలకు పట్టే సిరప్పుల్లో కూడా చాలాకాలంగా వాడుతున్నారు. ఇంటర్నెట్‌లో తిట్లు తినే పదార్థమూ, జ్వరమొచ్చినప్పుడు మనమే చెంచాతో పట్టించే సిరప్పులోని పదార్థమూ ఒకటే కావచ్చు.

వీటికి చెడ్డపేరు ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చూడాలి. 1998లో ఒక పరిశోధనలో పారాబెన్లకు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని కొంచెం పోలిన గుణం ఉందని తేలింది. కొంచెం అంటే ఎంత? నాలుగింటిలో బలమైనదిగా తేలిన బ్యూటైల్ పారాబెన్ కూడా, ల్యాబ్ పరీక్షలో, మన ఒంట్లో ఉండే అసలు ఈస్ట్రోజెన్ కంటే దాదాపు పది వేల రెట్లు బలహీనం. తర్వాత 2004లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్పా డార్బర్, ఆమె సహచరులు 20 రొమ్ము క్యాన్సర్ గడ్డల ముక్కలను పరీక్షించి, వాటిలో పారాబెన్లు ఉన్నాయని ప్రచురించారు. సగటున గ్రాము కణజాలానికి 20.6 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు.

పత్రికలు అందుకున్నాయి. "డియోడరెంట్‌తో క్యాన్సర్" అని ప్రపంచమంతా పాకింది. కానీ ఆ పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న కణజాలాన్ని పక్కన పెట్టి పోల్చి చూడలేదు. గడ్డలో ఉన్నాయి సరే, గడ్డ లేనిచోట ఎన్ని ఉన్నాయి? ఆ జవాబు లేకుండా, ఇవే గడ్డను పుట్టించాయని అనలేం. అంతేకాదు, కణజాలమేదీ వేయకుండా ఉత్త ద్రావణంతో చేసిన పరీక్షల్లో కూడా పారాబెన్ కనిపించింది. ల్యాబ్ సామాన్లలోనే అంతో ఇంతో ఉందన్నమాట. పారాబెన్ల వల్ల క్యాన్సర్ వచ్చిందని తాము ఎక్కడా అనలేదని డార్బర్ గారే అదే పత్రికలో స్పష్టంగా రాశారు. ఆ జవాబు చదివిన వాళ్లెందరు? 2012లో ఆమె బృందమే 40 మంది స్త్రీల నుంచి నమూనాలు తీసి చూస్తే, జన్మలో చంకలకి ఏ డియోడరెంటూ వాడని ఏడుగురిలోనూ పారాబెన్లు కనిపించాయి.

అలాగని పారాబెన్లన్నిటినీ ఒకే గాటన కట్టి అంతా క్షేమమే అనడం కూడా సరికాదు. 2014లో యూరోపియన్ యూనియన్ సరైన సమాచారం లేని అయిదు రకాల్ని, ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్ వంటివాటిని, నిషేధించింది. ప్రొపైల్, బ్యూటైల్‌ల పరిమితిని 0.14 శాతానికి తగ్గించింది. మూడేళ్లలోపు పిల్లలకు డైపర్ వేసే చోట రాసి వదిలేసే క్రీముల్లో ఆ రెండూ వద్దంది. ఒరిసిపోయిన చర్మం, పైన గాలాడని డైపర్, లోపలికి ఎక్కువ ఇంకుతుందన్న జాగ్రత్త అది. మిథైల్, ఇథైల్ రకాల్ని మాత్రం 0.4 శాతం దాకా అలాగే ఉంచింది. ఏ రకం, ఎంత, ఎవరికి, ఎక్కడ అని విడదీసి మాట్లాడటం అంటే ఇదీ. "పారాబెన్ ఫ్రీ" అన్న ముద్రలో ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ లేదు.

నాకు నిజంగా బాధ కలిగించేది ఆ తర్వాత జరిగినది. జనం పారాబెన్లు వద్దన్నారు. కంపెనీలకు ఇంకో కాపలాదారు కావాలి. చేతికి దొరికిన వాటిలో ఒకటి మిథైల్ ఐసోథయజోలినోన్, మా వాళ్లు ఎమ్ఐ అంటారు. అంతకు ముందు దీన్ని దాని క్లోరిన్ తోబుట్టువుతో కలిపి వాడేవాళ్లు. ఆ మిశ్రమంలో ఎమ్ఐ వంతు పది లక్షలకు నాలుగు భాగాలకు మించేది కాదు. ఎలర్జీ అంతా ఆ క్లోరిన్ తోబుట్టువు వల్లే అనుకుని, యూరప్ 2005లో ఎమ్ఐని ఒంటరిగా పది లక్షలకు 100 భాగాల దాకా అనుమతించింది. అంటే ఒక్కసారిగా పాతిక రెట్లు. అది లోషన్లలోకి, తడి వైప్స్‌లోకి, పిల్లల్ని తుడిచే వైప్స్‌లోకి కూడా వెళ్లింది.

కొన్నేళ్లలో చర్మ వైద్యుల దగ్గరికి ముఖం వాచి, చేతులు పగిలి, వైప్స్ వాడినచోట దద్దురు లేచి జనం రావడం మొదలైంది. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో ఒక్కో పదార్థాన్ని అంటించి, రెండు రోజుల తర్వాత తీసి, ఇంకో రెండు రోజులకి మళ్లీ చూసే ప్యాచ్ టెస్ట్ చేస్తే, ఎమ్ఐ బిళ్ల అంటించిన చోట ఎర్రగా కందిపోయి ఉండేది. ఈ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఎమ్ఐని గోడలకు వేసే రంగుల్లో కూడా వాడతారు. అందుకని కొత్తగా రంగు వేసిన గదిలో కూర్చున్నా ముఖం వాచేవాళ్లు తయారయ్యారు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో ఎమ్ఐని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. చివరికి యూరప్ 2017లో రాసి వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని పూర్తిగా తీసేసింది. కడిగేసే వాటిలోనూ 2018 నుంచి పది లక్షలకు 15 భాగాలకు కుదించింది.

అదే సొసైటీ 2019లో పారాబెన్లకూ ఒక బిరుదు ఇచ్చింది, ఆ ఏటి "ఎలర్జీ కారకం కానిది" అని. ఎప్పుడో పుండ్ల మీద రాసే మందుల్లో అక్కడక్కడా పడకపోవడం తప్ప, మామూలు చర్మానికి ఇంత తక్కువ ఎలర్జీ ఇచ్చే ప్రిజర్వేటివ్ దొరకడం కష్టం. నిరూపణ కాని భయంతో ఒకదాన్ని తరిమి, చర్మాన్ని నిజంగా కాల్చేదాన్ని ఇంట్లోకి పిలుచుకున్నాం.

ఇప్పుడు "పారాబెన్ ఫ్రీ" సీసాల్లో ఎక్కువగా కనపడేది ఫెనాక్సీఇథనాల్. చిక్కటి, రంగులేని ద్రవం, లేతగా గులాబీ వాసన వస్తుంది. బ్యాక్టీరియా మీద, అందులోనూ ఆ సూడోమోనాస్ మీద గట్టిగా పనిచేస్తుంది. బూజు మీద అంత బలం లేదు. అందుకే పక్కన ఇథైల్ హెక్సైల్ గ్లిజరిన్ లాంటి తోడును పెడతారు. పరిమితి 1 శాతం. దీని మీద కూడా ఇప్పుడు భయం మొదలైంది. దానికి ఒక మూలం, 2008లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక చనుమొనల క్రీము గురించి ఇచ్చిన హెచ్చరిక. ఆ క్రీములో ఫెనాక్సీఇథనాల్, క్లోర్ఫెనిసిన్ ఉన్నాయి, పాలు తాగే పసికందు దాన్ని మింగుతుంది, నాడుల మీద, ఊపిరి మీద ప్రభావం పడొచ్చు అని. అది సబబైన హెచ్చరిక. పసిబిడ్డ నోట్లోకి పోయే చోట అలాంటి క్రీము వాడకూడదు. కానీ ఆ హెచ్చరికని పట్టుకెళ్లి పెద్దవాళ్ల ముఖానికి రాసే క్రీముకి అంటించడం ఇంకో సంగతి. 2012లో ఫ్రాన్స్ ఔషధ సంస్థ మూడేళ్లలోపు పిల్లలకు 0.4 శాతం చాలంది. 2016లో యూరప్ శాస్త్రీయ సంఘం మొత్తం సమాచారాన్ని మళ్లీ చూసి, పిల్లలతో సహా అందరికీ 1 శాతం క్షేమమేనంది. ఇద్దరూ మాట్లాడింది మోతాదు గురించే. ప్రకటనలు మాట్లాడేది పేరు గురించి.

ఈ పేర్ల ఆట ఎన్ని రకాలుగా నడుస్తుందో షాపులో అయిదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది. కొబ్బరినూనె సీసా మీద "పారాబెన్ లేదు" అని ఉంటుంది. నిజమే. నీళ్లు లేని నూనెకి పారాబెన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఇంకో దాని మీద "ప్రిజర్వేటివ్ ఫ్రీ" అని ఉంటుంది, వెనక చూస్తే 1,2-హెక్సేన్‌డయాల్, క్యాప్రిలిల్ గ్లైకాల్, పారా అనిసిక్ యాసిడ్. చేసేది కాపలా పనే, కాకపోతే అధికారిక ప్రిజర్వేటివ్‌ల పట్టికలో వాటి పేరు ఉండదు. మరొకటి "గ్రేప్‌ఫ్రూట్ గింజల సారంతో సహజంగా నిలవ చేశాం" అంటుంది. 1999లో జర్మనీలో అలాంటి ఆరు సారాలను పరీక్షించారు. సూక్ష్మజీవుల్ని చంపిన అయిదింటిలోనూ బెంజెథోనియం క్లోరైడ్ అనే రసాయనం ఉంది. మూడింటిలో దానికి తోడు ట్రైక్లోసాన్, సాక్షాత్తూ మిథైల్ పారాబెన్ ఉన్నాయి. ఏమీ కలపని ఆ ఒక్క సారం ఏ బ్యాక్టీరియానీ చంపలేదు.

యూరప్‌లో 2019 నుంచి అమల్లోకి వచ్చిన మార్గదర్శకాల ప్రకారం "పారాబెన్ ఫ్రీ" అని రాయడం ఒప్పుకోదగిన ప్రచారం కాదు. చట్టం అనుమతించినదాన్ని అకారణంగా చెడ్డదిగా చూపిస్తుంది కాబట్టి. మన దగ్గర ఆ ముద్ర ఇంకా సీసా ముందు భాగంలో, ఆకుపచ్చ ఆకు బొమ్మ పక్కన మెరుస్తూనే ఉంది.

మొన్న వదిన ఫోన్ చేసింది. పిల్లకి లోషన్ కొనబోతున్నానని, మెడికల్ షాపులోంచే వీడియో కాల్. "ముందు వైపు ఏం రాశారో వదిలేయి వదినా, వెనక పదార్థాల జాబితా చూపించు," అన్నాను. మన నిబంధనల ప్రకారం 1 శాతం కన్నా ఎక్కువ ఉన్నవన్నీ ఎక్కువ నుంచి తక్కువకి వరుసలో రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవి ఎలాగైనా రాసుకోవచ్చు. మొదట నీళ్లు. తర్వాత గ్లిజరిన్, నూనెలు. ఆ తర్వాత ఫెనాక్సీఇథనాల్. దాని పరిమితే 1 శాతం కాబట్టి, దాని తర్వాత వచ్చేవన్నీ చిటికెడు చిటికెడే. బొమ్మలో గొప్పగా వేసిన కలబంద సారం ఆ చిటికెడుల్లో చివరిది.

"అయితే ఇది కొనొచ్చా?"

"కొను. నీళ్లున్నాయి, కాపలా ఉంది, ఎమ్ఐ లేదు. డబ్బా వద్దు, పంపు ఉన్నది తీసుకో, వేళ్లు ముంచే పని ఉండదు."

రెండో సీసా చూపించింది. అందులో సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ ఒక్కటే జత. ఇవి రెండూ పులుపు ఉన్నచోటే పనిచేస్తాయి, పీహెచ్ 5.5 దాటితే దాదాపు ఉన్నా లేనట్టే. సీసా మీద పీహెచ్ ఎంతో ఎక్కడా రాయలేదు. దాన్ని పక్కన పెట్టమన్నాను. మొదటిదే కొంది.

తెరిచిన మూత ఉన్న చిన్న డబ్బా బొమ్మ, దానిలో 12 అంకె పక్కన ఎమ్ అక్షరం ఎక్కడుందో చూపించాను. మూత తీసిన రోజు నుంచి 12 నెలలు అని అర్థం. ఇంటికెళ్లి సీసా అడుగున మార్కర్‌తో ఆ రోజు తేదీ రాసి ఫోటో పంపింది. కిటికీ గట్టు మీద కలబంద సీసా లేదు. ఇప్పుడు ఏ పూటకా పూట మట్ట కోసి, గుజ్జు తీసి రాసుకుని, మిగిలింది మొక్క మొదట్లోనే పడేస్తోంది.